బీరువా ఖరీదు పుస్తకాల్లో పెరిగే తీరు

ఇనుప బీరువాలు చేసే ఒక చిన్న ఫ్యాక్టరీని ఉదాహరణగా తీసుకుందాం. ఈ నెల స్టోర్స్ నుంచి 3,00,000 రూపాయల రేకు షెడ్డులోకి వెళ్లింది. ‘తయారీలో ఉన్న సరుకు’ ఖాతాకు డెబిట్, స్టోర్స్ ఖాతాకు క్రెడిట్ రాస్తారు. రేకు కోసి, వెల్డింగ్ చేసి, రంగు వేసినవారి కూలి 1,00,000. అదీ తయారీ ఖాతాకే డెబిట్. క్రెడిట్ కూలి ఖాతాకు. వాచ్‌మన్ జీతం ఇందులో చేరదు. అది షెడ్డు అద్దె, కరెంటు బిల్లులతో కలిసి ఓవర్‌హెడ్స్ ఖాతాకు వెళుతుంది.

ఆ బిల్లులన్నీ వచ్చేదాకా ఆగితే బీరువా ఖరీదు తేలదు. అందుకే ముందే వేసుకున్న అంచనా రేటు ప్రకారం, కూలిలో 60 శాతం, అంటే 60,000 తయారీ ఖాతాకు డెబిట్ చేసి ఓవర్‌హెడ్స్ ఖాతాకు క్రెడిట్ ఇస్తారు. మొత్తం 4,60,000.

ఒక్కోటి 10,000 చొప్పున 40 బీరువాలు పూర్తయ్యాయి. ఆ 4,00,000 ‘తయారైన సరుకు’ ఖాతాకు డెబిట్, తయారీ ఖాతాకు క్రెడిట్. మిగిలిన 60,000 సగంలో ఉన్న బీరువాల విలువ. షెడ్డులో లెక్కపెడితే అంత సరుకు కనబడకపోతే, వృథా అయిన రేకును రాయడం మరిచారేమో చూడాలి.

అసలు ఓవర్‌హెడ్స్ 66,000 అయితే 6,000 తక్కువ పడినట్టు. ఈ తేడా చిన్నదైతే సాధారణంగా నేరుగా ఖర్చులో కలిపేస్తారు.