మారుపేరుతో మళ్లీ వచ్చిన సభ్యుడు

డిస్కార్డ్ సర్వర్‌లో బ్యాన్ పడేది అకౌంట్ మీద. ఆ అకౌంట్ వెనకున్న మనిషి మరో ఈమెయిల్‌తో కొత్తది తెరవడానికి ఐదు నిమిషాలు చాలు. ఇలాంటి రెండో అకౌంట్‌ను సభ్యులు ‘ఆల్ట్’ అంటారు. ఆల్ట్ ఉండటమే తప్పు కాదు. ఆఫీసు స్నేహితులకు ఒకటి, ఆటలకు ఒకటి పెట్టుకునేవారు చాలామంది ఉన్నారు. బ్యాన్ నడుస్తుండగా దాన్ని తప్పించుకుని లోపలికి రావడానికి వాడినప్పుడే అది నియమభంగం అవుతుంది. కాబట్టి మోడరేటర్ రెండు విషయాలు తేల్చాలి: ఇది నిజంగా ఆ మనిషేనా, ఆ సమయానికి బ్యాన్ అమల్లో ఉందా?

బ్యాన్ చేసినప్పుడు డిస్కార్డ్ ఆ అకౌంట్ వాడిన ఐపీ అడ్రస్‌ను కూడా ఆ సర్వర్ వరకు అడ్డుకుంటుంది. ఆ అడ్రస్ ఏమిటో మోడరేటర్లకు కనిపించదు. ఈ అడ్డు కొంత పనిచేస్తుంది గానీ దానికి మనుషులను పోల్చుకోవడం తెలియదు. ఒక ఇంట్లో, ఒక హాస్టల్‌లో వైఫై వాడేవారందరూ బయటికి ఒకే అడ్రస్‌తో కనిపించవచ్చు. మొబైల్ కంపెనీలైతే ఒకే అడ్రస్‌ను ఎందరో వినియోగదారులకు కలిపి ఇస్తుంటాయి. అందువల్ల తప్పు చేయనివారు బయట ఆగిపోవడం, చేసినవారు మొబైల్ డేటా మీద లోపలికి రావడం రెండూ జరుగుతాయి.

ఊహించిన ఉదాహరణగా ఒక తెలుగు గేమింగ్ సర్వర్‌ను తీసుకోవచ్చు. రెండు హెచ్చరికల తర్వాత కూడా తోటి సభ్యురాలిని దూషించిన ఒకరికి మార్చి 3న 30 రోజుల బ్యాన్ పడింది. మార్చి 5న రెండు సంగతులు జరిగాయి. పగలు ఒక అబ్బాయి అప్పీల్ ఫారమ్‌లో, తాను ఎన్నడూ ఈ సర్వర్‌లోకి రాలేదని, అయినా ఇన్వైట్ లింక్ తీసుకోవడం లేదని రాశాడు. రాత్రి 9:40కి ఒక కొత్త అకౌంట్ సర్వర్‌లో చేరి, కాసేపటికే అదే సభ్యురాలితో పాత గొడవను ఎత్తుకుంది.

మోడరేటర్ మొదట చూడదగింది అకౌంట్ వయసు. డిస్కార్డ్‌లో ప్రతి అకౌంట్‌కూ మారని ఒక సంఖ్య, అంటే ఐడీ ఉంటుంది. పేరు ఎన్నిసార్లు మార్చినా అది అలాగే ఉంటుంది. సెట్టింగ్స్‌లో డెవలపర్ మోడ్ ఆన్ చేస్తే దాన్ని కాపీ చేసుకోవచ్చు. అకౌంట్ పుట్టిన సమయం ఆ సంఖ్యలోనే దాగి ఉంటుంది:

```
(id >> 22) + 1420070400000
```

వచ్చే ఫలితం 1970 జనవరి 1 నుంచి లెక్కించిన మిల్లీసెకన్లు. ఉదాహరణకు 175928847299117063 అనే ఐడీని ఇలా లెక్కిస్తే 2016 ఏప్రిల్ 30, భారత కాలమానంలో సాయంత్రం 4:48 అని తేలుతుంది. మార్చి 5న చేరిన అకౌంట్‌ను ఇలాగే చూస్తే అది ఆ రాత్రి 9:22కి, చేరడానికి 18 నిమిషాల ముందే పుట్టింది.

ఇది అనుమానానికి చాలు, శిక్షకు చాలదు. స్నేహితుడు పంపిన ఇన్వైట్ కోసమే తొలిసారి డిస్కార్డ్ తెరిచే వారి అకౌంట్ కూడా అంతే కొత్తగా ఉంటుంది. రాత తీరు కూడా బలహీనమైన ఆధారమే. ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు రాసేటప్పుడు ‘త’ను కొందరు టీతో, కొందరు టీహెచ్‌తో రాస్తారు. ఆ అలవాటు కలిసినంత మాత్రాన ఇద్దరూ ఒకరే అనుకోలేం, ఎందుకంటే అలా రాసేవారు వేలమంది ఉంటారు. ఆ ఒక్క మనిషికే తెలిసిన సంగతి బయటపడితేనే ఆధారం బలపడుతుంది.

అందుకే అనుమానాన్ని అందరి ముందు పెట్టకూడదు. కొత్త అకౌంట్‌కు ఒకే ఛానల్ కనిపించే రోల్ ఇచ్చి, అక్కడ విషయం చెప్పి, జవాబుకు 24 గంటలు ఇవ్వడం మేలు. ఈ ఉదాహరణలో ఆ వ్యక్తి తాను కొత్తవాడినేనని వాదిస్తూ, బ్యాన్ సమయంలో పంపిన వ్యక్తిగత సందేశంలోని వాక్యాన్ని తప్పుబట్టాడు. ఆ సందేశం మోడరేటర్లకూ, బ్యాన్ అయిన సభ్యుడికీ తప్ప ఎవరికీ తెలియదు. మొదటి మోడరేటర్ అభిప్రాయం చెప్పకముందే రెండో మోడరేటర్ ఆధారాలు విడిగా చదివి అదే నిర్ణయానికి వచ్చాడు. మార్చి 6న ఆల్ట్‌ను కూడా బ్యాన్ చేసి, 30 రోజుల గడువును ఆ రోజు నుంచి మళ్లీ లెక్కించారు. గడువు ఏప్రిల్ 2 నుంచి ఏప్రిల్ 5కి మారింది.

ఈ నిర్ణయం తర్వాత ఎవరు అడిగినా నిలబడాలంటే రికార్డు సరిగా ఉండాలి. డిస్కార్డ్ ఆడిట్ లాగ్ 45 రోజులకు మించి వెనక్కి చూపదు. పైగా బ్యాన్ చేసేటప్పుడు ఆ సభ్యుడి గత 7 రోజుల మెసేజ్‌ల వరకు తొలగించే ఎంపిక వస్తుంది. తొందరలో దాన్ని నొక్కితే ఆధారమే పోతుంది. అందుకే ముందు స్క్రీన్‌షాట్లు తీసి, మోడరేటర్లకు మాత్రమే కనిపించే చోట విడిగా నమోదు చేసుకోవాలి.

రికార్డులో రెండు అకౌంట్ల ఐడీలు, తేదీ, ఉల్లంఘించిన నియమం, రాసిన మాటలు ఉన్నవి ఉన్నట్టుగా, నిర్ణయించినవారి పేర్లు, గడువు ముగిసే తేదీ ఉండాలి. కళ్లారా చూసింది ఒక చోట, దాన్నుంచి ఊహించింది మరో చోట రాయాలి. ‘అకౌంట్ 9:22కి పుట్టింది’ అన్నది చూసింది. ‘బ్యాన్ తప్పించుకోవడానికే తెరిచాడు’ అన్నది ఊహ. రెండూ కలిపి రాస్తే, నెల తర్వాత చదివేవారికి ఊహ కూడా రుజువైన నిజంలా కనిపిస్తుంది. ‘వీడు ఎప్పుడూ ఇంతే’ వంటి మాటలకు అక్కడ చోటు లేదు. ఫోన్ నంబర్, ఇంటి చిరునామా, ఇతర సైట్లలో వెతికి తెచ్చిన ఫొటోలు కూడా ఉండకూడదు.

అప్పీల్‌ను బ్యాన్ చేసిన మోడరేటర్ కాకుండా మరొకరు చదవాలి. పగలు ఫారమ్ నింపిన అబ్బాయి మార్చి 3న బ్యాన్ అయిన సభ్యుడి తమ్ముడు, ఇంట్లో అదే వైఫై వాడుతున్నాడు. ఒక్కరికి మాత్రం ఐపీ అడ్డు తీసే వీలు మోడరేటర్లకు ఉండదు. వేరే నెట్‌వర్క్ నుంచి చేరమని చెప్పగా అతను మొబైల్ డేటాతో లోపలికి వచ్చాడు. అతని అకౌంట్ నాలుగేళ్ల నాటిది, ఎవరితోనూ గొడవ లేదు. ‘పరిశీలించాం, ఆల్ట్ కాదు’ అని అతని ఐడీ పక్కన రాసి పెట్టారు. తర్వాత మరో మోడరేటర్ అతన్ని అదే అనుమానంతో మళ్లీ ప్రశ్నించకుండా ఆ ఒక్క వాక్యం కాపాడుతుంది.

డిస్కార్డ్ బ్యాన్‌కు సొంతంగా గడువు ఉండదు. తీసేదాకా అది అలాగే ఉంటుంది. ఏప్రిల్ 5న ఎవరో ఒకరు, లేదా ఒక బాట్, దాన్ని ఎత్తేయాలి. అసలు అకౌంట్‌తో పాటు ఆల్ట్ మీది బ్యాన్‌నూ తీయాలి. అది మిగిలితే దానితో వచ్చిన ఐపీ అడ్డు, శిక్ష పూర్తిచేసుకున్న మనిషిని మళ్లీ గుమ్మం దగ్గరే ఆపవచ్చు. రెండూ తీశాక ఆ తేదీని, తీసినవారి పేరును రాస్తే ఆ రికార్డు ముగుస్తుంది.