లోపం ముందే చెప్పే డీలర్

పాత కారు కొనేవారికి అమ్మేవాడి మాట మీద నమ్మకం కుదరదు. "సింగిల్ ఓనర్ బండి, డాక్టరుగారు వాడింది" అని నిఖార్సైన బండి ఉన్నవాడూ అంటాడు, వరదలో మునిగినదాన్ని కడిగి పెట్టినవాడూ అంటాడు. ఈ అనుమానం బేరాన్ని ఎలా చెడగొడుతుందో ఆర్థికవేత్త జార్జ్ అకెర్లాఫ్ 1970లో వివరించారు. మంచి బండి 5 లక్షలు, లోపాలున్నది 3 లక్షలు చేస్తుందనుకుందాం. తేడా తెలియని కొనుగోలుదారు మధ్యస్థంగా 4 లక్షలంటాడు. ఆ ధరకు మంచి బండి యజమాని ఇవ్వడు. చివరికి మార్కెట్లో నాసిరకం బళ్లే మిగులుతాయి, ధర ఇంకా పడిపోతుంది.

కాబట్టి "మేం నిజాయతీపరులం" అనే బోర్డు డీలరుకు అక్కరకు రాదు. దాన్ని ఎవరైనా పెట్టుకోగలరు. మోసగాడికి గిట్టుబాటు కాని మాట ఇవ్వాలి. ఆరు నెలల ఇంజిన్, గేర్‌బాక్స్ వారంటీ అలాంటిదే. మంచి బండి మీద దానికి సగటున 5 వేలు ఖర్చయితే, దాచిపెట్టిన జబ్బున్న బండి మీద 60 వేలు కావచ్చు. ఆ మాట ఇచ్చిన మోసగాడి లాభం దాంతోనే ఊడ్చుకుపోతుంది.

రెండోది, లోపాల చీటీ. అన్ని గళ్లలోనూ టిక్కులే ఉన్న తనిఖీ పత్రాన్ని ఎవరూ నమ్మరు, నమ్మకపోవడమే సబబు. విజయవాడలో ఒక స్విఫ్ట్ అమ్మకానికి వచ్చిందనుకుందాం. రంగు మందం కొలిచే మీటరు మిగతా భాగాల మీద 110 మైక్రాన్లు, ముందు ఎడమ ఫెండరు మీద 400 చూపిస్తే అక్కడ పుట్టీ పట్టించి రంగు వేశారన్నమాట. 2024 బుడమేరు వరదల తర్వాత ఆ ఊళ్లో సీటుబెల్టును చివరిదాకా లాగి బురద చారలున్నాయేమో చూడటం తప్పనిసరి. కిలోమీటర్ల రీడింగును పాత సర్వీసు బిల్లులతో సరిపోల్చాలి. ఆపైన "ఫెండరుకు రంగు వేశారు, ఛాసిస్‌కు దెబ్బ లేదు; క్లచ్ త్వరలో మార్చాలి, సుమారు 8 వేలు" అని అద్దానికే అంటించి, ఆ మేరకు ధర తగ్గిస్తే, చీటీలో లేని విషయాల మీద కూడా గురి కుదురుతుంది.

నమ్మకం అసలు కుదిరేది కొనుగోలు దగ్గరే. 1993లో అమెరికాలోని రిచ్‌మండ్‌లో మొదలైన కార్‌మాక్స్ బేరాలు లేని ధర పెట్టింది. తన ప్రమాణాలకు తూగని బళ్లను షోరూములో నిలపకుండా టోకు వేలంలో అమ్మేస్తుంది. ఇక్కడి డీలరు కూడా కొన్నిటిని వదులుకోక తప్పదు, ఎంత చవగ్గా వచ్చినా సరే.

ఈ పద్ధతి అన్ని బళ్లకూ నప్పదు. లక్షన్నర కారు మీద మిగిలే మార్జిన్ వారంటీని మోయలేదు. దాన్ని లోపాలన్నీ రాసి, వారంటీ లేదని స్పష్టంగా చెప్పి అమ్మాలి. వారంటీ ఇచ్చిన చోట మినహాయింపులు చిన్న అక్షరాల్లో దాచకూడదు. బ్యాటరీ, టైర్లు, క్లచ్ ప్లేటు అరిగేవే కాబట్టి వాటిని మినహాయించడం న్యాయమే, ఆ సంగతి అడ్వాన్సు తీసుకోకముందే చెబితే.