రెండుసార్లు పరిచయం

చెహోవ్ రాసిన ‘లావాటివాడు, సన్నటివాడు’ అచ్చులో రెండు మూడు పేజీలకు మించదు. 1883లో, వైద్యం చదువుకుంటున్న ఇరవైమూడేళ్ల కుర్రవాడిగా, పీటర్స్‌బర్గ్ హాస్య వారపత్రిక ‘అస్కోల్కీ’ కోసం రాశాడు. నికలాయెవ్‌స్కయా రైలుమార్గం స్టేషన్లో ఇద్దరు చిన్ననాటి బడి స్నేహితులు అనుకోకుండా ఎదురుపడతారు. కథ అంతే.

ఇద్దరి సంగతీ వాసనలతోనే చెప్పేశాడు చెహోవ్. లావాటివాడు స్టేషన్లోనే భోంచేసి వచ్చాడు. పెదాల మీద ఇంకా వెన్న మెరుస్తోంది, ఒంటి నుంచి ఖరీదైన మద్యమూ నారింజపూల అత్తరూ గుబాళిస్తున్నాయి. సన్నటివాడు అప్పుడే రైలు దిగాడు. చేతుల నిండా పెట్టెలూ మూటలూ అట్టడబ్బాలూ. పంది మాంసం, కాఫీ మడ్డి వాసన. వెనక భార్య లూయిజా, హైస్కూల్లో చదివే కొడుకు నఫనయీల్.

మొదటి పలకరింపులో తటపటాయింపు లేదు. మీషా, పొర్ఫీరీ అని పేర్లు పెట్టి పిలుచుకుని, కావలించుకుని, మూడేసిసార్లు ముద్దులు పెట్టుకుంటారు. ఇద్దరి కళ్లలోనూ నీళ్లు. బడిలో పెట్టిన ఎగతాళి పేర్లు కూడా పొర్ఫీరీకి గుర్తున్నాయి. సిగరెట్టుతో బడి పుస్తకానికి చిల్లు పెట్టినందుకు మీషాను, గుడి తగలబెట్టిన గ్రీకువాడి పేరుతో హెరోస్ట్రాటస్ అనేవారు. చాడీలు చెప్పే అలవాటున్న తనను, గ్రీకు సైన్యాన్ని శత్రువుకు పట్టించిన ఎఫియాల్టిస్ పేరుతో ఏడిపించేవారు. ఈ చిన్న సంగతి దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను. ఎవడు ఎవడికి వంగుతాడో ఆ పేర్లలోనే ఉంది.

పొర్ఫీరీ గలగలా మాట్లాడతాడు. భార్య సంగీత పాఠాలు చెబుతోంది, తాను తీరిక వేళల్లో చెక్కతో సిగరెట్ పెట్టెలు చేసి రూబుల్‌కొకటి అమ్ముతున్నాడు. ఉద్యోగంలో కాలేజియేట్ అసెసర్. మరి నువ్వో అని మీషాను అడుగుతాడు. ప్రీవీ కౌన్సిలర్‌నయ్యానని మీషా మామూలుగానే చెబుతాడు.

అప్పటి రష్యాలో ఆ మాట బరువెంతో తెలియాలి. పీటర్ చక్రవర్తి 1722లో కొలువులన్నిటినీ 14 మెట్లుగా విడగొట్టాడు. ఒకటోది అన్నిటికన్నా పైది. పొర్ఫీరీది ఎనిమిదో మెట్టు, మీషాది మూడోది. ఏ మెట్టు వాడిని ఏ గౌరవ వాచకంతో పిలవాలో కూడా ఖాయంగా ఉండేది. మూడో మెట్టు వాడు ‘మహాఘనత వహించినవారు’.

పొర్ఫీరీ పాలిపోతాడు. ముఖం వంకర్లు పోయి నవ్వుగా సాగుతుంది, ఒళ్లు కుంచించుకుపోతుంది. అతనితోపాటు పెట్టెలూ మూటలూ కూడా ముడుచుకుపోతాయి. భార్య పొడవాటి గడ్డం ఇంకా పొడవవుతుంది. కొడుకు నిటారుగా నిలబడి గుండీలన్నీ పెట్టుకుంటాడు. ఇంతకుముందే పరిచయం చేసిన భార్యాబిడ్డల్ని పొర్ఫీరీ కొత్తగా చూపిస్తున్నట్టు మళ్లీ పరిచయం చేస్తాడు. ఇది రెండో పలకరింపు. బెరుకంతా ఇందులోనే ఉంది.

రష్యన్‌లో ఇక్కడ సర్వనామమే మారిపోతుంది: ‘తీ’ కాస్తా ‘వీ’ అవుతుంది. ఇంగ్లీషులో రెంటికీ ఒకటే మాట కాబట్టి ఈ దెబ్బ అక్కడ సగం ఆరిపోతుంది. తెలుగు పాఠకుడికి ఎవరూ విడమరచనక్కర్లేదు. ‘ఒరేయ్’ అన్న నోరే క్షణంలో ‘తమరు’ అంటే ఏమవుతుందో మన చెవికి తెలుసు. మీషాకూ వినబడింది. మనం చిన్ననాటి స్నేహితులం, ఈ దండాలెందుకని ముఖం చిట్లిస్తాడు. పొర్ఫీరీ ఇంకా వంగుతాడు.

కథ మొదట అచ్చయినప్పుడు ఇలా లేదు. అందులో పొర్ఫీరీ బదిలీ అయి వచ్చింది మీషా కిందికే. పైఅధికారి అని తెలిసి వణికాడంటే ఎవరికైనా అర్థమయ్యే సంగతే. 1886లో సంపుటిలో చేర్చేటప్పుడు చెహోవ్ ఆ సంబంధాన్ని తీసేశాడు. ఇప్పుడు మీషా వల్ల పొర్ఫీరీకి వచ్చే నష్టమూ లేదు, లాభమూ లేదు. ఎవరూ అడగకుండానే వంగాడు. భయానికి కారణం చెరిపేయడంతో సరదా కథ కాస్తా గుండెలో గుచ్చుకునే కథయింది. ఇంత చిన్న దిద్దుబాటుతో ఇంతగా ఎదిగిన కథ నేనింకొకటి చదవలేదు.

పొర్ఫీరీ ముఖంలోని భక్తి చూసి మీషాకు కడుపులో తిప్పుతుంది. ముఖం పక్కకు తిప్పుకుని, వెళ్లడానికి చెయ్యి చాస్తాడు. పొర్ఫీరీ ఆ చేతిలో మూడు వేళ్లే పట్టుకుని నిలువునా వంగుతాడు. భార్య నవ్వుతుంది, కొడుకు కాలు వెనక్కి లాగి వందనం చేయబోయి టోపీ జారవిడుస్తాడు.

చివరి వాక్యం మొదటి కౌగిలి దగ్గర వచ్చిన వాక్యమే, ఒక్క అంకె తేడాతో. అక్కడ ఆనందంతో దిమ్మెరపోయినవాళ్లు ఇద్దరు: మీషా, పొర్ఫీరీ. ఇక్కడ ముగ్గురు: పొర్ఫీరీ, అతని భార్య, కొడుకు.