మోకాలి కింద దిండు

సోమవారం ఉదయం ఎముకల వార్డులోకి అడుగు పెట్టగానే నా కంట పడింది ఆ దిండే. పన్నెండో నంబరు మంచం మీద బాబాయ్ వెల్లకిలా పడుకుని ఉన్నాడు. ఎడమ కాలు మోకాలి కింద జానెడు కూడా లేదు. మిగిలిన ఆ ముక్క కింద మెత్తటి దిండు పెట్టి, మోకాలిని ఎత్తుగా వంచి ఉంచింది పిన్ని. పక్కనే స్టూలు మీద కూర్చుని విసనకర్రతో విసురుతోంది. ఆయన ముఖంలో నొప్పి తగ్గిన నెమ్మది కనిపిస్తోంది.

నేను ఫిజియోథెరపీ మూడో ఏడాది చదువుతున్నాను. వార్డులో అది నా మొదటి రోజు. నా వెనకే వచ్చిన మా సార్ ముందుగా పిన్ని పక్కన వంగి, "అమ్మా, ఈ దిండు తలకింద పెట్టండి. కాలి కింద మాత్రం వద్దు" అన్నారు.

"నొప్పని అంటున్నాడు బాబూ. ఇలా పెడితేనే కన్ను మూస్తున్నాడు."

ఆమె చెప్పింది నిజమే. వంచి ఉంచితే మోకాలికి సుఖంగా ఉంటుంది. చిక్కంతా ఆ సుఖంలోనే ఉందని ఆ వారంలో నాకు అర్థమైంది.

బాబాయ్‌కి నలభై ఆరేళ్లు. ఊళ్లో ఆటో తోలేవాడు. రోడ్డు పక్కన టైరు మారుస్తుంటే వెనక నుంచి వచ్చిన లారీ చక్రం పాదాన్ని, పిక్కలో సగాన్ని నలిపేసింది. రక్తనాళాలు అతికించే స్థితిలో లేకపోవడంతో మోకాలిని మాత్రం కాపాడి కింది భాగం తీసేశారు. నేను చూసేసరికి ఆపరేషన్ అయి ఆరు రోజులు. జ్వరం రావడంతో అప్పటిదాకా మంచం దిగనివ్వలేదు. ఆ ఆరు రోజులూ మోకాలి కింద దిండు ఉంది.

సార్ నా చేతికి గోనియోమీటర్ ఇచ్చారు. కోణాలు కొలవడానికి రెండు స్కేళ్లు కలిపి బిగించినట్టుండే పరికరం అది. ఒక చెయ్యి తొడ వెంబడి, మరో చెయ్యి కింది ఎముక వెంబడి ఆనించి, "బాబాయ్, మోకాలిని మంచానికి నొక్కండి" అన్నాను. ఆయన పళ్లు బిగించి నొక్కాడు. అయినా మోకాలు పూర్తిగా చాపుకోలేదు, పదిహేను డిగ్రీలు వంగే ఉంది.

పదిహేను డిగ్రీలంటే చూడటానికి పెద్ద వంపేమీ కాదు. కానీ తొడ వెనక కండరాలు వంపులోనే రోజుల తరబడి ఉండిపోతే ఆ పొట్టి కొలతకే అలవాటు పడతాయి. కొన్ని వారాలకు కీలు చుట్టూ ఉన్న పొర కూడా బిగుసుకుంటుంది. మామూలు కాలైతే పిక్క, పాదం బరువుతో మోకాలు తనంతట తానే చాపుకుంటుంది. ఇక్కడ లాగడానికి ఆ బరువు లేదు. తర్వాత కృత్రిమ కాలు తొడిగినప్పుడు, వంగిన మోకాలి మీద నిలబడిన మనిషి కాలు పొట్టిదైనట్టు కుంటుతాడు, ప్రతి అడుగులోనూ మోకాలు ముందుకు మడతపడుతున్నట్టు ఉంటుంది. వంపు 20, 25 డిగ్రీలు దాటితే మామూలు పద్ధతిలో కాలు అమర్చడమే కష్టం. కృత్రిమ కాలు వచ్చాకే నడక మొదలవుతుందని చాలామంది అనుకుంటారు, నేనూ అలాగే అనుకున్నాను. ఆ నడక ఎలా ఉండబోతోందో చాలా వరకు ఈ మంచం మీదే, ఈ మొదటి వారాల్లోనే తేలిపోతుంది.

ఆ రోజే రెండు పనులు మొదలుపెట్టాం. మొదటిది, చుట్టిన తువ్వాలును మిగిలిన కాలి చివర కింద పెట్టి, మోకాలిని మంచం వైపు నొక్కి ఐదు లెక్కపెట్టేదాకా పట్టి ఉంచడం. ఒక్కో విడతలో పదిసార్లు. రెండోది బోర్లా పడుకోవడం, పూటకు ఇరవై నిమిషాలు. మంచంలో కూర్చునే ఉండటం వల్ల తుంటి కూడా ముందుకు వంగి బిగుస్తుంది. బోర్లా పడుకుంటే మోకాలు, తుంటి రెండూ చాపుకుంటాయి. ఇందులో బాబాయ్ మొదటిది ఒప్పుకున్నాడు కానీ రెండోది ససేమిరా అన్నాడు. "కుట్లు తెగిపోతే నువ్వొచ్చి కుడతావా అమ్మా?" అని కసిరాడు. ఆ భయాన్ని నేను మాటలతో తీర్చలేకపోయాను. డ్రెస్సింగ్ విప్పినప్పుడు సర్జన్ గారే కుట్లు చూపించి, బోర్లా పడుకున్నప్పుడు వాటి మీద బరువు ఎక్కడా పడదని చెప్పాకే తిరిగి పడుకున్నాడు. మొదటిసారి నాలుగు నిమిషాలు ఉన్నాడు.

మంగళవారం నేను తప్పు చేశాను. మిగిలిన కాలికి నాలుగు అంగుళాల క్రేప్ బ్యాండేజీ చుట్టాలి. దాని పని వాపు తగ్గించడం, కాలి చివరను శంఖంలా కిందికి సన్నబడేలా మలచడం. ఎనిమిది అంకె రాసినట్టు ఏటవాలుగా చుట్టుకుంటూ పోవాలి. చివర గట్టిగా, పైకి వెళ్లేకొద్దీ వదులుగా ఉండాలి. అది నోటికి వచ్చిన పాఠమే. కానీ పట్టీ జారిపోతుందేమోనన్న కంగారులో మోకాలి కింద రెండు చుట్లు గాజులా గుండ్రంగా వేసి బిగించాను. రెండు గంటలు తిరక్కుండానే బాబాయ్ "లోపల టకటకా కొట్టుకుంటోందమ్మా" అన్నాడు. విప్పి చూస్తే కాలి చివర గుండ్రంగా ఉబ్బి, చర్మం మెరుస్తూ ఊదా రంగు తిరిగింది. పైన బిగుసుకున్న చుట్టు రక్తాన్ని తిరిగి పైకి పోనివ్వలేదు. ఇలాగే వదిలేస్తే చివర బుడగలా తయారవుతుంది, అలాంటి కాలు ఏ తొడుగులోనూ సరిగా ఇమడదు.

సార్ అందరి ముందూ ఏమీ అనలేదు. పట్టీ చుట్టి నా చేతిలో పెట్టి, "ఇప్పుడు నువ్వే కట్టు" అన్నారు. మూడోసారికి కుదిరింది. పిన్ని నా చేతులనే చూస్తూ కూర్చుంది. సాయంత్రానికి ఆమే కట్టడం నేర్చుకుంది, నాకంటే తీరుగా. నాలుగైదు గంటలకోసారి విప్పి మళ్లీ కట్టాలి కాబట్టి, ఆ పని వచ్చి తీరాల్సింది ఆమెకే.

బుధవారం నిలబెట్టాం. వారం పైగా పడుకున్న మనిషి ఒక్కసారిగా లేస్తే రక్తపోటు పడిపోతుంది, అందుకని ముందు మంచం అంచున ఐదు నిమిషాలు కూర్చోబెట్టాం. కళ్లు తిరగడం లేదని తేలాక, నడుముకు బెల్టు కట్టి పట్టుకుని, వాకర్ ఆసరాగా లేపాం. లేస్తూనే బాబాయ్ కుడి వైపుకు ఒరిగిపోయాడు. పోయిన భాగం బరువు రెండు మూడు కిలోలే అయినా, నలభై ఆరేళ్లుగా దాన్ని లెక్కలో పెట్టుకుని నిలబడిన ఒంటికి ఇప్పుడు నడిమధ్య ఎక్కడో తెలియడం లేదు. సార్ ఎదురుగా నిలువుటద్దం పెట్టించారు. అందులో చూసుకుంటూ తనను తాను సరిచేసుకోవాలి. బాబాయ్ మాత్రం ముందు అద్దంలో పంచె కింద ఖాళీగా ఉన్న చోటునే చూశాడు. చాలాసేపు చూశాడు. మేమెవరం మాట్లాడలేదు. ఆ రోజు అడుగులు వేయించలేదు.

గురువారం నాలుగు అడుగులు పడ్డాయి. వాకర్ ముందుకు జరపడం, బరువు రెండు చేతుల మీదికి తెచ్చుకోవడం, కుడి కాలిని ఎగరేసి వేయడం. చూసేవాళ్లకు అది నడకలా ఉండదు. వేసే మనిషి భుజాలు వణుకుతుంటాయి.

ఆ రాత్రి బాబాయ్ పడిపోయాడు. నిద్రలో మూత్రానికని లేచి, మంచం ఎడమ పక్క నుంచి ఎప్పటిలాగే ఎడమ కాలు కింద పెట్టాడు. అక్కడ కాలు లేదు. అదృష్టవశాత్తు తుంటి మీద పడ్డాడు, కుట్లు నిలిచాయి. "ఉందనిపించింది అమ్మా. ఒట్టు. వేళ్లు కదులుతున్నాయి కూడా" అన్నాడు తెల్లారి నాతో. ఆ మాట చెప్పడానికి సిగ్గుపడ్డాడు, పిచ్చి అనుకుంటానేమోనని.

అది పిచ్చి కాదు. మెదడులో శరీరం మొత్తానికీ ఒక పటం ఉంటుంది. కాలు పోయినా ఆ పటంలో కాలి చోటు చెరిగిపోదు. అందుకే లేని బొటనవేలు దురద పెడుతుంది, లేని పాదం చక్రం కింద ఉన్నప్పటిలాగే మెలితిరిగి నొప్పెడుతుంది. కాలు తీసేసినవాళ్లలో ఎక్కువమందికి ఏదో ఒక రూపంలో ఇది ఉంటుంది. 1990లలో వి.ఎస్. రామచంద్రన్ అనే న్యూరాలజిస్టు దీనికి అద్దం ఉపాయం కనిపెట్టారు. రెండు కాళ్ల మధ్య అద్దం నిలబెట్టి, ఉన్న కాలిని కదుపుతూ దాని ప్రతిబింబాన్ని చూస్తే, పోయిన కాలే కదులుతున్నట్టు మెదడుకు తోస్తుంది. కొందరికి నొప్పి సడలుతుంది, అందరికీ కాదు. శుక్రవారం బాబాయ్‌తో పది నిమిషాలు చేయించాం. పాదం మెలిక కాస్త విడిందన్నాడు, దురద మాత్రం పోలేదన్నాడు. ఇక పడిపోవడం సంగతి. మంచానికి ఎడమ పక్క అడ్డంగా కుర్చీ వేయించి, వాకర్‌ని కుడి పక్క చేతికందేలా పెట్టించారు సార్. చీకట్లో దిగబోతే కుర్చీ తగులుతుంది, గుర్తొస్తుంది.

ఆ మధ్యాహ్నం పిన్ని నన్ను వరండాలోకి పిలిచి అడిగింది, ఆయన కాలు ఎప్పుడొస్తుందని. కుట్లు విప్పడానికి రెండు మూడు వారాలు పడుతుందని, ఆ తర్వాత వాపు తగ్గి కొలత నిలకడకు రావాలని, ఆరు నుంచి ఎనిమిది వారాలకు ముందు కొలతలు తీసుకోవడం అరుదని చెప్పాను. తొందరపడి చేయిస్తే కాలు ఇంకా సన్నబడి తొడుగు వదులవుతుంది, రాసుకుని పుండు పడుతుంది. ఆమె కాసేపాగి, "చెప్పులు విడిచి గుళ్లోకి వెళ్లొచ్చా దానితో?" అంది. సరిగ్గా అలాంటి అవసరాల కోసమే 1968లో జైపూర్‌లో డాక్టర్ పి.కె. సేఠీ, శిల్పి రామచంద్ర శర్మ కలిసి రబ్బరు పాదం తయారు చేశారు. బూటు తొడగక్కర్లేదు, తడి నేల మీద నడవొచ్చు, గొంతుక్కూర్చోవచ్చు. ఆ మాట చెబితే ఆమె ముఖం తేటపడింది.

శనివారం మళ్లీ గోనియోమీటర్ పెట్టాను. ఆరు డిగ్రీలు. ఇంకా సున్నాకు రావాలి, వచ్చాక కూడా రోజూ కాపాడుకోవాలి. మానేస్తే మోకాలు మళ్లీ వంగుతుంది. ఆ రోజు వాకర్‌తో పదకొండు అడుగులు వేసి కిటికీ దాకా వెళ్లాడు బాబాయ్. కింద గేటు పక్కన ఆటోలు బారుగా ఆగి ఉన్నాయి. ఊపిరి ఆడేదాకా చువ్వలు పట్టుకుని నిలబడి, సార్ వైపు తిరగకుండానే అడిగాడు.

"మళ్లీ తోలగలనా?"

"క్లచ్చు ఎడం చేత్తో, బ్రేకు కుడి కాలితో కదా" అన్నారు సార్. "ఆ రెండూ ఉన్నాయి. లైసెన్సు సంగతి కాలు వచ్చాక పరీక్ష చేసి చెప్పాలి, ఇప్పుడే మాటివ్వలేను. మోకాలు మాత్రం తిన్నగా రావాలి."

వెనక్కి పదకొండు అడుగులు. మంచం మీద కూర్చుని చెమట తుడుచుకున్నాడు. తర్వాత నేను చెప్పకముందే దిండు తీసి పిన్ని చేతికిచ్చి, మెల్లగా పక్కకు దొర్లి బోర్లా పడుకున్నాడు. ముఖం కుడి వైపుకు తిప్పుకుని, "టైము చూడమ్మా" అన్నాడు.