గల్ఫ్ ఆఫర్: టికెట్, బోనస్, గ్రాట్యుటీ నెలకు ఎంత?

దుబాయ్, అబుదాబి కంపెనీలు పంపే ఆఫర్ లెటర్‌లో నెల జీతంతోపాటు ఏటా ఊరికి వెళ్లిరావడానికి విమాన టికెట్, సంవత్సరాంతపు బోనస్, ఏడాదికేడాది పోగై ఉద్యోగం మానేసినప్పుడు చేతికొచ్చే గ్రాట్యుటీ ఉంటాయి. ఒక్కొక్కటి ఒక్కో సమయంలో వస్తుంది కాబట్టి, రెండు ఆఫర్లను పోల్చాలంటే అన్నింటినీ నెల లెక్కలోకి తెచ్చుకోవాలి. పద్ధతి తేలికే: వచ్చే మొత్తాన్ని, అది ఎన్ని నెలలకోసారి వస్తుందో ఆ సంఖ్యతో భాగించాలి. అయితే కచ్చితంగా వచ్చేదాన్నే లెక్కలో వేసుకోవాలి.

ముందుగా టికెట్. ఏటా టికెట్ ఇవ్వాలని యూఏఈ కార్మిక చట్టం చెప్పదు. ఒప్పందంలో రాసి ఉంటేనే అది హక్కు. డబ్బుగా ఇచ్చే టికెట్ అలవెన్స్‌ను 12తో భాగిస్తే సరిపోతుంది. రెండేళ్లకోసారి ఇచ్చేదైతే 24తో భాగించాలి. కంపెనీయే టికెట్ కొని ఇచ్చేటట్లయితే, అదే ప్రయాణానికి ఉద్యోగి తన జేబులోంచి పెట్టాల్సివచ్చే ధరే దాని విలువ. పిల్లల బడి సెలవుల్లో దుబాయ్–హైదరాబాద్ ఛార్జీలు బాగా పెరుగుతాయి. కుటుంబంతో ఆ రోజుల్లోనే ప్రయాణించేవారికి, ధరతో నిమిత్తం లేకుండా కంపెనీ కొనిచ్చే టికెట్ స్థిరమైన అలవెన్స్ కంటే ఎక్కువ విలువ చేస్తుంది. ఊరికి వెళ్లకపోతే టికెట్ రద్దయిపోతుందని, బదులుగా డబ్బు ఇవ్వరని షరతు ఉంటే, వెళ్లని ఏడాది దాని విలువ సున్నా.

బోనస్ విషయంలో ఒప్పందంలోని మాటలే కీలకం. ‘ఏటా ఒక నెల బేసిక్’ అని ఉంటే అది ఖాయమైన సొమ్ము. ‘యాజమాన్యం నిర్ణయాన్ని బట్టి’ అని ఉంటే పోలికలో దాన్ని సున్నాగానే తీసుకోవాలి. డిసెంబరు నాటికి కొలువులో ఉన్నవారికే ఇస్తారా, మధ్యలో చేరినవారికి పనిచేసిన నెలల మేరకు ఇస్తారా అన్నది కూడా ముందే రాతపూర్వకంగా తెలుసుకోవాలి.

గ్రాట్యుటీని మాత్రం చట్టమే నిర్ణయించింది. 2022 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్ జీతం, ఆ తర్వాత ఏడాదికి 30 రోజుల బేసిక్ జీతం చొప్పున ఇవ్వాలి. 21 రోజుల లెక్కను నెలకు మారిస్తే బేసిక్‌లో సుమారు 5.83 శాతం అవుతుంది. ఇంటి అద్దె, రవాణా అలవెన్సులకు ఇందులో చోటు లేదు. అందుకే మొత్తం జీతం ఒకటే అయినా బేసిక్ తక్కువగా ఉన్న ఆఫర్‌లో గ్రాట్యుటీ తగ్గిపోతుంది.

ఒక ఉదాహరణ చూస్తే ఇదంతా స్పష్టమవుతుంది. మొదటి కంపెనీ నెలకు 7,000 దిర్హాములు ఇస్తుంది. అందులో బేసిక్ 3,500. ఏటా 1,500 టికెట్ అలవెన్స్, ఒక నెల బేసిక్ బోనస్ ఖాయం. రెండో కంపెనీ నెలకు 7,300 ఇస్తుంది. బేసిక్ మాత్రం 2,400. అదే 1,500 టికెట్ అలవెన్స్ రెండేళ్లకోసారి వస్తుంది. బోనస్ యాజమాన్యం ఇష్టం. జీతం అంకె చూస్తే రెండోదే 300 ఎక్కువ.

మొదటి ఆఫర్‌లో టికెట్ నెలకు 125, బోనస్ 292, గ్రాట్యుటీ 204 అవుతాయి. జీతంతో కలిపితే 7,621. రెండో ఆఫర్‌లో టికెట్ 63, బోనస్ సున్నా, గ్రాట్యుటీ 140. మొత్తం 7,503. తక్కువ జీతంలా కనిపించిన మొదటి ఆఫరే నెలకు 118 దిర్హాములు మెరుగని తేలుతుంది.

అయితే ఈ లెక్క రెండేళ్లు ఉద్యోగంలో కొనసాగేవారిది. 18 నెలలకే మానేస్తే మొదటి కంపెనీలో ఒక టికెట్, ఒక బోనస్ మాత్రమే చేతికొస్తాయనుకుందాం. అప్పుడు వాటిని 18తో భాగించాలి. నెలకు 83, 194 అవుతాయి. గ్రాట్యుటీ 204 కలిపితే మొత్తం 7,481. రెండో కంపెనీలో టికెట్ గడువు ఇంకా రాదు కాబట్టి జీతం, గ్రాట్యుటీ కలిపి 7,440. తేడా 41కి దిగిపోయింది. ఏడాది నిండకముందే మానేస్తే గ్రాట్యుటీ రెండుచోట్లా రాదు, టికెట్, బోనస్ కూడా సాధారణంగా అందవు. అప్పుడు మిగిలేది నెల జీతమే కాబట్టి రెండో ఆఫరే 300 ఎక్కువ. అందుకే నెల విలువ కట్టేముందు ఎన్నాళ్లు ఉండబోతున్నారో అంచనా వేసుకుని, ఆ కాలంలో నిజంగా చేతికొచ్చే మొత్తాన్ని అన్ని నెలలతో భాగించడమే సరైన పద్ధతి.