వాచీ 46 అంటే కంగారెందుకు?

నాన్నగారికి,

మీరు పంపిన ఫొటో చూశాను. 46 అని చూపించింది తెల్లవారుజామున మూడింటికి, అంటే మీరు గాఢనిద్రలో ఉన్నప్పుడు. మెలకువగా, కుదురుగా కూర్చున్నప్పుడు గుండె నిమిషానికి 60 నుంచి 100 సార్లు కొట్టుకోవడం మామూలు. నిద్రలో ఆ వేగం తగ్గుతుంది. పైగా మీరు బీపీకి వేసుకునే మెటోప్రొలాల్ చేసే పనే గుండెను నెమ్మదింపజేయడం. అందుకని నిద్రలో 46 కనిపించినంత మాత్రాన భయపడక్కర్లేదు. పగలు కూడా 50 దాటకుండా ఉండి, కళ్లు తిరగడమో, నీరసమో ఉంటే మాత్రం డాక్టరుగారికి చెప్పండి, ఆయన డోసు చూస్తారు. అంకె చూసి మీరే మాత్ర మానేస్తారేమోనని నా భయం. ఆ మందు ఉన్నపళంగా ఆపడం ప్రమాదం.

ఇక పార్కులో నడుస్తుంటే 150 వచ్చిందన్నారు. వాచీ అడుగున మిణుకుమనే పచ్చ లైటు ఉంది చూడండి, ఆ కాంతిని రక్తం పీల్చుకుంటుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా మణికట్టులోకి రక్తం పొంగి, వెనక్కి వచ్చే వెలుగు తగ్గుతుంది. ఆ హెచ్చుతగ్గులనే వాచీ లెక్కపెడుతుంది. పట్టీ వదులుగా ఉంటే చేతి ఊపు కూడా అందులో కలిసిపోయి, ఒక్కోసారి మీ అడుగులనే గుండె చప్పుడుగా లెక్కేస్తుంది. మణికట్టు ఎముకకు కాస్త పైన, కదలకుండా బిగించండి. అనుమానమొస్తే ఆగి నిలబడి, బొటనవేలి కింద మణికట్టు మీద రెండు వేళ్లు ఆనించి 30 సెకన్లు నాడి లెక్కపెట్టండి. దాన్ని రెట్టింపు చేస్తే అసలు సంగతి తేలుతుంది. ఆ పద్ధతి నాకు వాచీకన్నా నమ్మకం.

పక్కనున్న మీట మీద వేలు పెట్టి తీసే ఈసీజీ వేరు. అది 30 సెకన్లపాటు గుండెలోని విద్యుత్తును నమోదు చేస్తుంది. Inconclusive అని వస్తే జబ్బని కాదు, సరిగా తేల్చుకోలేకపోయిందని. చెయ్యి కదిలినా, వేలు పొడిబారినా అలా వస్తుంది. మోచెయ్యి బల్ల మీద ఆనించి మళ్లీ తీయండి.

Atrial Fibrillation అని వస్తే మాత్రం కొట్టిపారేయొద్దు. గుండె పైగదులు లయ తప్పి వణుకుతున్నాయేమోనన్న అనుమానం అది. అదే నిజమైతే అక్కడ రక్తం గడ్డకట్టి మెదడుకు చేరి పక్షవాతం రావచ్చు. ఒంట్లో బాగానే ఉన్నా ఆ రికార్డు ఫోన్లో దాచి, ఒకటి రెండు రోజుల్లో డాక్టరుగారికి చూపించండి. వాచీ గుండెను ఒక్క కోణంలోనే చూస్తుంది కాబట్టి, ఆయన ఆసుపత్రిలో పూర్తి ఈసీజీ తీసి నిర్ధారిస్తారు.

గుండెపోటును ఈ వాచీ కనిపెట్టలేదు. ఛాతీలో బరువు, చల్లచెమటలు, ఆయాసం, ఎడమచేతికో దవడకో పాకే నొప్పి, వీటిలో ఏది వచ్చినా, వాచీ Sinus Rhythm అని నిబ్బరంగా చూపిస్తున్నా సరే, నాకు ఫోన్ చేయకండి. ముందు 108కి చేయండి.

మీ అమ్మాయి