ఎజెండాలో ప్రశ్న రాయండి

అపార్ట్‌మెంట్ కమిటీ మీటింగ్ నోటీసు చాలాచోట్ల ఇలా ఉంటుంది: ‘లిఫ్ట్, నీటి ట్యాంకర్లు, లెక్కలు, ఇతర విషయాలు’. ఆదివారం పదింటికి మొదలైన చర్చ పన్నెండు దాటినా తెగదు. లిఫ్ట్ అని మాత్రమే రాస్తే ఒకరు మెకానిక్ గురించి, ఇంకొకరు కరెంటు బిల్లు గురించి ఎత్తుకుంటారు. ఏం తేల్చాలో నోటీసు చెప్పలేదు కదా!

24 ఫ్లాట్లు, ఏడుగురు కమిటీ సభ్యులు ఉన్న అపార్ట్‌మెంట్‌నే తీసుకుందాం. ‘పాత లిఫ్ట్‌ను 3 లక్షలతో బాగుచేయించాలా, 12 లక్షలతో కొత్తది పెట్టించాలా?’ అని ఎజెండాలో రాస్తే మాట దారి తప్పదు. అయితే ముందు సంఘం నిబంధనలు చూడాలి. అంత ఖర్చుకు సర్వసభ్య సమావేశం ఆమోదం కావాలని ఉంటే, కమిటీ తేల్చాల్సింది ‘దేన్ని సిఫారసు చేద్దాం?’ అన్నంతవరకే.

తర్వాత టైము. సెక్రటరీ విషయం చెప్పడానికి 3 నిమిషాలు, ఏడుగురికీ తలా 2 చొప్పున 14, తేడాలొచ్చినచోట మళ్లీ మాట్లాడుకోవడానికి 5, నిర్ణయం రాసి చదివి వినిపించడానికి 3. మొత్తం 25 నిమిషాలు. దీన్ని 10:00–10:25 అని గడియారం లెక్కలోనే వేయాలి. ట్యాంకర్ల కాంట్రాక్టు ఎవరికివ్వాలన్నది 10:45 వరకు. లెక్కలు తెలియజేయడానికే కాబట్టి చివర్లో, 10:55 వరకు. వాటిని ముందు పెడితే ఒక్క బిల్లు మీదే అరగంట పోతుంది. ఆపైన 11:05 దాకా 10 నిమిషాలు ఖాళీగా ఉంచాలి.

ముందే చదవాల్సిన కాగితం గురువారానికల్లా అందరికీ చేరాలి. కొటేషన్లన్నీ వాట్సాప్ గ్రూపులో పడేస్తే ఎవరూ తెరవరు. ఒక్క పేజీ చాలు: బాగుచేయిస్తే ఫ్లాటుకు 12,500, కొత్తదైతే 50,000, దేనికి ఎన్నేళ్ల వారంటీ, లిఫ్ట్ ఎన్నాళ్లు ఆగుతుంది, సెక్రటరీ అభిప్రాయం ఏమిటి. చదవకుండా వచ్చినవాళ్లుంటే మొదటి 5 నిమిషాలు అందరూ మౌనంగా చదవడం మేలు. అమెజాన్ కంపెనీలో మీటింగులు ఇలా చదవడంతోనే మొదలవుతాయని పేరు. ఆ 5 నిమిషాలు ఖాళీ టైములోంచి తీసుకోవాలి.

10:25కి కూడా లిఫ్ట్ తేలలేదనుకోండి. అధ్యక్షులు ‘ఇంకేం తెలిస్తే తేల్చగలం?’ అని అడగాలి. వారంటీ వివరాలు కావాలంటే, ఎవరు, ఏ తేదీలోగా తెస్తారో మినిట్స్‌లో రాసి ముందుకు సాగాలి. అన్నీ తెలిసీ అభిప్రాయాలు కలవకపోతే, వాయిదా వేసినా కొత్తగా తెలిసేదేమీ ఉండదు. అప్పుడు చేతులెత్తి ఓటు వేయడమే మార్గం.